సిబ్బిలో గౌరమ్మ

ఆ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా ఆఫీసు గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన. అందరం ఆయన్ని తాత అనే పిలుస్తాం. సూర్యాపేటలో ఒక విత్తనాల కంపెనీ జిల్లా ఆఫీసు మాది. నేను అందులో రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఆ రోజు పొద్దున నేను ఆటో దిగీదిగగానే తాత కుర్చీలోంచి లేచి, నవ్వు దాచుకుంటూ చెప్పాడు.

“మేడం, ఈసారి దసరకు నీ టేబుల్ మీద దేవుడు బంద్ అట. అగరొత్తులు బంద్, దీపం బంద్. లైటు పెట్టాలన్నా హైదరాబాద్‌ను అడగాలెనట. ఇగ వచ్చే యేడు నిన్ను గూడ తీసేసి బొమ్మను కూసోవెడ్తరేమో సూడు.”

నేనూ నవ్వాను. లోపలికి వెళ్ళి కంప్యూటర్ తెరిస్తే హెడ్డాఫీసు మెయిల్ నిజంగానే ఉంది.

ఆ మెయిల్‌లో ఉన్నవి చెడ్డ మాటలు కావని ముందే చెప్పాలి. మా ఆఫీసుకి అన్ని రకాల రైతులూ వస్తారు. పనిచేసేవాళ్ళలోనూ అన్ని మతాల వాళ్ళం ఉన్నాం. రిసెప్షన్ అనేది అందరికీ మొదట కనిపించే చోటు కాబట్టి అక్కడ ఏ మతానికి చెందిన బొమ్మా, పటమూ, గుర్తూ ఉండకూడదన్నారు. మంట, పొగ, ఘాటైన వాసన వద్దు. గోడకీ గాజు తలుపుకీ టేపు అంటించొద్దు. నిప్పార్పే సిలిండరు, బయటికి పోయే దారి బోర్డు, కెమెరా, వీటికి ఏదీ అడ్డం రావొద్దు. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ కోసం బల్లకి ఒక పక్కన ఎత్తు తగ్గించి కట్టారు, ఆ పక్క ఖాళీగా వదలాలి. ఏం పెట్టబోతున్నామో ముందుగా ఫోటో పంపి ఒప్పుకోలు తీసుకోవాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఆఫీసుల్లోనూ ఒకే రకంగా ఉండాలి. ఆ బాధ్యత రిసెప్షన్ వాళ్ళది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పటి నుంచీ ఆయాసం, దుమ్ము పడదు. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మా నాన్న సాయంత్రాలు పలక పట్టుకుని కూర్చుని నాకు అక్షరాలు, లెక్కలు నేర్పాడు. మా అమ్మ తెల్లవారుజామున పక్కన కూర్చోబెట్టుకుని స్తోత్రాలు నేర్పింది. ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ కట్టాను. అలాంటి దాన్ని నమ్మి రిసెప్షన్‌లో కూర్చోబెట్టిన మేనేజరు గారికి నేను ప్రతిరోజూ మనసులో దండం పెట్టుకుంటాను. తలుపు తీసే తాతకి, మంచినీళ్ళ సీసా నింపిపెట్టే మనిషికి, అందరికీ పెట్టుకుంటాను. ఎవరి వల్ల ఏం మేలు జరిగినా మర్చిపోకూడదని ఇంట్లో నేర్పారు. ఆ అలవాటు మంచిదనే ఇప్పటికీ అనుకుంటాను. అదే నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ఇప్పుడు చెప్పాలి.

మంచినీళ్ళ సీసా నింపిపెట్టే మనిషి అన్నాను కదా. ఆమె మా ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేసేది. ముస్లిం ఆమె. కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు పెట్టిన మనిషి. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అక్కా అనేదాన్ని. ఎవరూ లేనప్పుడు నన్ను చెల్లె అనేది, నలుగురిలో మేడం అనేది. ఆఫీసు వెనక రెండో గల్లీలోనే ఆమె ఇల్లు. అత్త పక్షవాతం వచ్చి మంచంలో ఉంది. ఇంకెవరి చేత్తోనూ తినదు. మధ్యాహ్నం భోజనం బెల్లు పడగానే అక్క ఇంటికి ఉరికి, అత్తకి అన్నం తినిపించి, బట్టలు మార్చి, తిరిగి ఉరికి వచ్చేది. ఆ గల్లీ దగ్గర కాబట్టే ఈ పనిలో ఉన్నానని ఎన్నిసార్లు చెప్పిందో. “గీ ఆఫీసు గిక్కడ లేకుంటే నా అత్త ఎప్పుడో పోయేది, చెల్లె” అనేది.

అలంకరణ గురించి మూడు ఆఫీసుల వాళ్ళం వీడియోలో మాట్లాడుకున్నాం. కోదాడ రిసెప్షన్‌లో ఉండే ఆవిడ క్రైస్తవురాలు, లెక్కగా మాట్లాడే మనిషి. మిర్యాలగూడ అబ్బాయి వరి కంకుల కట్ట పెడదామన్నాడు. మాది విత్తనాల కంపెనీ కాబట్టి అందరికీ నచ్చింది. సూర్యాపేట తరఫున నేను చేలో తొలిసారి తీసిన పత్తి కాయలు, గునుగు పూలు అన్నాను. గునుగు ఎండినా ఆకారం చెడదు, వాసన ఉండదు. బంతిపూలు మాత్రం రోజూ మార్చుకోవచ్చు. వీటన్నిటినీ వెదురుతో అల్లిన వెడల్పాటి పళ్ళెంలో, అంటే మేము సిబ్బి అనే దాంట్లో పేరుద్దామన్నాను.

పేర్చడం అన్న మాట దగ్గర కోదాడ ఆవిడ ఆగింది.

“పువ్వులకి మతం ఏముందండి, బాగుంటాయి. కానీ మీరు వరసలు వరసలుగా పైకి పేర్చుకుంటూ పోతే అది బతుకమ్మ అయిపోద్ది. పైన గౌరమ్మని పెట్టాలనిపిస్తది మీకు. పరిచి పెడదామండి.”

ఆమె అన్నది సరైన మాటే. పళ్ళెంలో వరి కంకులు గుండ్రంగా, మధ్యలో పత్తి కాయలు, చుట్టూ గునుగు, బంతి, అన్నీ చదునుగా పరిచి ఫోటో తీసి పంపాం. హైదరాబాద్‌లో అడ్మిన్ సారు ఆ సాయంత్రమే సరే అన్నారు. ‘పండుగ శుభాకాంక్షలు’ అని ఏ పండగ పేరూ లేకుండా ఒక చిన్న అట్ట పెట్టుకోవచ్చన్నారు.

కోదాడ ఆవిడ నా లోపలి మాట నాకంటే ముందే పసిగట్టిందని అప్పుడు నాకు తెలియలేదు.

బతుకమ్మ మొదలయ్యే రోజు పొద్దున తలస్నానం చేసి, పూలు తీసుకుని ఆఫీసుకి బయల్దేరుతుంటే నా చేతులు ఊరుకోలేదు. సిబ్బిలో పూలు పరిచి గౌరమ్మ లేకుండా పెట్టడం నా జన్మలో చేయలేదు. దేవుడు లేని పీట మీద అలంకారం చేసినట్టు అనిపించింది. పసుపు కొంచెం నీళ్ళతో కలిపి, మూడు వేళ్ళతో నొక్కి, బొటనవేలంత గౌరమ్మను చేశాను. తమలపాకులో పెట్టి చీర కొంగులో ముడివేసుకున్నాను. ఆఫీసుకి ఎవరూ రాకముందే సిబ్బి మధ్యలో, పత్తి కాయల కింద, ఎవరికీ కనబడకుండా పెట్టాను. పైన కనబడేది అంతా ఫోటోలో ఒప్పుకున్నట్టే ఉంది. నేను ఎవరి నియమమూ తప్పలేదని నాకు నేనే చెప్పుకున్నాను. కనబడనిది లేనట్టే అనుకున్నాను. ఇంట్లో అమ్మ నేర్పిన భక్తిలో ఇలాంటి దొంగలెక్క ఎప్పుడూ లేదు. అది నా సొంతం.

వచ్చిన రైతులు బాగుందన్నారు. ఒక పెద్దాయన వరి కంకి వేళ్ళతో నలిపి చూసి, ఏ రకం అని అడిగాడు. తాత నా టేబుల్ ముందు నిలబడి, “మంచిగున్నది గాని పిడికెడు సత్తు పిండి గూడ పెడితే తింటుంటిమి” అన్నాడు. నాకు చాలా సంతోషంగా ఉండింది. రోజూ పొద్దున బంతిపూలు మార్చి, వాడిపోకుండా పైన నీళ్ళు చిలకరించేదాన్ని.

ఆ నీళ్ళ సంగతి నేను ఆలోచించలేదు. వెదురు అల్లికకి సందులుంటాయి. తమలపాకు ఒకరోజులోనే వడిలి ముడుచుకుపోయింది. నేను చిలకరించిన నీళ్ళు పసుపుని కొంచెం కొంచెంగా కరిగించుకుని, సిబ్బి కిందకి దిగి, తెల్లటి బల్ల మీద నిలిచాయి. మూడు రోజులు అలా నిలిచాయి. నాలుగో రోజు అడ్మిన్ సారు తనిఖీకి వస్తున్నారు. పొద్దున సూర్యాపేట, తర్వాత కోదాడ, అక్కడి నుంచి మిర్యాలగూడ అని ముందే చెప్పారు.

ఆ రోజు నేను తొమ్మిదికి పది నిమిషాల ముందు వచ్చాను. అక్క బల్ల దగ్గర వంగి రుద్దుతోంది. నన్ను చూసి లేచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“చెల్లె, సిబ్బి లేపి తుడుద్దామని సూస్తె కింద పచ్చగ అయ్యింది. పూల నడుమ నీ పసుపు దేవత ఉన్నది. సార్ లేపి సూస్తడని భయమయ్యి తీసిన. కాలు తగలకుండ కాయితంల సుట్టి నీ సొరుగుల పెట్టిన. వాళ్ళిచ్చిన సీస మందుతోని మరక పోలేదు. ఇంటికి ఉరికి బట్టల సబ్బు పొడి తెచ్చి రుద్దుతున్న. ఇంకింత ఎర్రగ అయితుంది గని పోతలేదు.”

బల్ల మీద అరచేయంత మేర ఎర్రగా, కందినట్టుగా ఉంది. పసుపులో సున్నం పడితే ఎర్రనీళ్ళయినట్టే, సబ్బు పొడి పడినా ఎరుపు తేలుతుంది. దిష్టి తీసే ఏ ఇంట్లో అయినా తెలిసిన సంగతే. సొరుగు తెరిస్తే పాత డైరీ కాగితంలో మడత చెదరకుండా గౌరమ్మ ఉంది. పైన ఒక బంతి రేకు కూడా పెట్టింది. సొరుగు మూసేశాను. ఆమెకి థాంక్స్ కూడా చెప్పలేదు. సిబ్బిని మరక మీదకి జరిపి, పూలు సర్దాను.

సారు పదిన్నరకి వచ్చారు. అన్నీ ఒక్కొక్కటే చూశారు. బోర్డు కనబడుతోందా, సిలిండరు అందుతుందా, తక్కువ ఎత్తు పక్క ఖాళీగా ఉందా అని. అన్నిటికీ తలూపారు. చివర్లో, పళ్ళెం కింద బల్ల గీతలు పడకుండా ఏమైనా పరిచారా అని సిబ్బి ఎత్తి చూశారు.

ఇదేం మరక అని అడిగారు. మేనేజరు గారు నా వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను. ఎవరూ మాట్లాడకపోయేసరికి సారు తుడిచే మనిషిని పిలవమన్నారు. ఏం వాడి తుడిచావని అడిగారు. అక్క కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“సబ్బు పొడి సార్. ఇంటి నుంచి తెచ్చిన.”

కంపెనీ ఇచ్చిన సీసాలోని తుడిచే మందు తప్ప ఇంకేదీ బల్ల మీద వాడకూడదని తెలియదా అన్నారు. తెలుసని చెప్పింది. మరి ఎందుకు తెచ్చావు, ముందు ఏం మరక పడిందని అడిగారు. ఆమె నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు.

“ఏందో తెల్వదు సార్. మరకుండె, రుద్దిన. తప్పైంది.”

అప్పుడు నాకు ఒక్క వాక్యం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అది పసుపు మరక సార్, నేనే పెట్టాను, అంతే. సారు పక్కనే నిలబడి ఫోన్లో ఫోటో తీసుకుంటున్నారు. అక్క చేతుల్లో తడి గుడ్డ ఉంది. నా నోట్లో ఆ వాక్యం తయారుగా ఉంది. మతం గుర్తు పెట్టినందుకు నా మీద రాతపూర్వకంగా రిపోర్టు వెళ్తుందని, బడి మొహం చూడని దాన్ని నమ్మి కూర్చోబెట్టిన మేనేజరు గారి పరువు పోతుందని, ఇంకా ఏవేవో కారణాలు లోపల వరసగా నిలబడ్డాయి. సారు వెళ్ళిపోయేదాకా నేను సందర్శకుల రిజిస్టరు సర్దుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి దీపం పెట్టి, చేతులు జోడించాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “గండం గట్టెక్కించినవ్ తల్లీ” అని. మనసారా అన్నాను, కళ్ళలో నీళ్ళతో అన్నాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నాళ్ళు పట్టింది. ఒక మనిషిని ముందుకు నెట్టి వెనక దాక్కున్నదాన్ని, అలా తప్పించుకోవడాన్ని దేవత చేసిన మేలుగా లెక్కగట్టి దండం పెట్టాను.

రెండు రోజుల తర్వాత అక్క పనికి రాలేదు. తాత చెప్పాడు, బల్ల పాడుచేసిందని కాంట్రాక్టరు సూపర్‌వైజరు ఆమెని మిర్యాలగూడ ఆఫీసుకి మార్చాడట, ఇక్కడికి కొత్త మనిషిని పంపుతున్నాడట. తాత ఆ రోజు జోకులేమీ వేయలేదు. “ముసల్దానికి పగటి బువ్వ ఎవలు తినిపిస్తరో” అన్నాడంతే. అప్పుడైనా నేను లేచి మేనేజరు గారి గదిలోకి వెళ్ళాల్సింది. సెలవులు అయ్యాక చెప్దామనుకున్నాను. సెలవులయ్యాయి. ఇంకో రెండు రోజులు ఆగాను.

చివరికి నన్ను కదిలించింది కోదాడ ఆవిడ. అలంకరణ తీసేసినట్టు ఫోటోలు పంపుకునే రోజున ఫోన్ చేసి, “ఫోటోలో మీ బల్ల మీద మరక పసుపుది కదండి” అంది. “నేను ఎవరికీ చెప్పనండి. చెప్పాల్సింది నేను కాదు కదా” అని పెట్టేసింది.

ఆ రోజే జరిగింది జరిగినట్టు తెలుగులో రాసి మేనేజరు గారికీ, అడ్మిన్ సారుకీ పంపాను. మేనేజరు గారు చదివి నన్ను గదిలోకి పిలిచారు. ఆ రోజే చెప్పి ఉంటే మరక ఒక నిమ్మకాయతో, తప్పు ఒక చిన్న హెచ్చరికతో పోయేదమ్మా అన్నారు. నాకు హెచ్చరిక కాగితం వచ్చింది. అలంకరణ పని నా చేతుల్లోంచి తీసేశారు. రెండూ న్యాయమే. అక్కని వెనక్కి రప్పించమని సారు కాంట్రాక్టరుకి రాశారు కూడా. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఎందుకో ఆమె నోటినుంచే విన్నాను.

శనివారం సగం పూట సెలవు పెట్టి మిర్యాలగూడ బస్సెక్కాను. ఆఫీసు వెనక కుళాయి దగ్గర గిన్నె కడుక్కుంటోంది అక్క. నన్ను చూసి ఆశ్చర్యపోయి, చేతులు తుడుచుకుని, మెట్టు మీద కూర్చోమంది. తిన్నవా అని అడిగింది. నేను దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ చెప్పాను. మెయిల్ పెట్టానని, సారు మళ్ళీ సూర్యాపేటకి రమ్మన్నారని చెప్పాను.

“ఇప్పుడు ఒచ్చి ఏం జేస్త చెల్లె?” అంది. గొంతులో కోపం లేదు. “పగటి పూట సూసెటోళ్ళు లేక అత్తను కోదాడల ఆడబిడ్డ ఇంటికి తోలినం. ఇల్లు గూడ కిరాయిది ఖాళీ చేసి గీడికి ఒచ్చినం, ఆ ఇంట్ల వేరేటోళ్ళు దిగిండ్రు. గీడ ఇల్లేమో ఆఫీసుకు దూరం, పగటికి ఉరికి పోరాదు. ఐతారం ఐతారం పోయి సూసొస్తున్న. ఆడ సరిగ తింటలేదట. నా చెయ్యి కావాలెనంటదట.”

నేను ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చింది. ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

“దేవున్ని పెట్టినవని చెప్తె నీ నౌకరి పోతదేమోననుకున్న. అందుకే సప్పుడు జెయ్యలే.” గిన్నె వైపు చూస్తూ అంది. “నువ్వే చెప్తవనుకున్న.”

ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నామో నాకు సరిగా గుర్తులేదు. బస్టాండుదాకా తోడొస్తానంది, వద్దన్నాను. పని మీద ఉంది, ఇంకోసారి ఆమె మాట పడటం నాకిష్టం లేదు.

ఆ తర్వాత రెండుసార్లు కోదాడ వెళ్ళి ఆ ముసలావిడ దగ్గర కూర్చున్నాను. నా చేత్తో ఒక్క ముద్ద కూడా తినలేదు. తల పక్కకి తిప్పుకుంది. చలికాలం దాటకుండానే ఆమె పోయింది. ఆమె చనిపోయింది నా వల్లేనని నేను అనను, డెబ్బై దాటిన మనిషి, మంచంలో ఉన్న మనిషి. కానీ చివరి నెలల్లో తనకి కావలసిన చెయ్యి తన నోటి దగ్గర లేకపోవడం నా వల్లే. అక్క ఈ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఇప్పటికీ ఫోన్ చేస్తే మొదట నా ఆయాసం ఎట్లుందనే అడుగుతుంది.

ఇప్పుడు పండగలకి మా బల్ల మీద మిర్యాలగూడ అబ్బాయి మొదట అన్నట్టు వరి కంకుల కట్ట ఒక్కటే పెడుతున్నాం, కింద తెల్లటి మందపాటి గుడ్డ పరిచి. అందరికీ బాగానే ఉంది. నేను గౌరమ్మని మా ఇంట్లోనే చేసుకుంటాను. దండం పెట్టేటప్పుడు కృతజ్ఞత చెప్పడానికి నోరు తెరిచి, ముందు ఒకసారి ఆగుతాను, ఈ మేలు ఎవరిని తొక్కుకుంటూ నా దాకా వచ్చిందోనని.

ఇది చదివేవాళ్ళకి నాదొక విన్నపం. నన్ను క్షమించమని అడగడం లేదు. మీ మీ దేవుళ్ళ ముందు కూర్చున్నప్పుడు, కోదాడలో ఒక పరాయి గదిలో, తెలిసిన ఒక్క చెయ్యి కోసం తల పక్కకి తిప్పుకుని ఎదురుచూసిన ఆ ముసలి తల్లిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.